కిరాయి అగ్రిమెంటులో మూడో పేజీ: రాసినంతా కట్టాల్సిందేనా?

అక్టోబరులో ఒక రాత్రి మా వీధి అబ్బాయి ఫోన్‌లో ఒక ఫొటో పంపాడు. వెంటనే ఇంకో మెసేజ్: "కాకా, ఓనర్ ఇరవై తొమ్మిది వేలు ఇంకా కట్టాలంటున్నడు. అడ్వాన్సు కూడా రాదంట. ఒక్కసారి చూస్తవా?"

ఆ అబ్బాయి హనుమకొండ నయీంనగర్‌లో మేడ మీద ఒక పోర్షన్ కిరాయికి తీసుకున్నాడు. నెలకు 9,000. అడ్వాన్సు మూడు నెలలది, 27,000. జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా పదకొండు నెలల అగ్రిమెంటు. అక్టోబరు 12న హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైంది, నవంబరు 1న చేరాలి. ఆ సంతోషంలో ఓనర్‌కు ఫోన్ చేసి ఖాళీ చేస్తానని చెప్పాడు. సాయంత్రానికి ఆయన నుంచి లెక్క వచ్చింది.

నేను హనుమకొండ కోర్టులో ఇరవై ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్నాను. కిరాయి గొడవల్లో నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అగ్రిమెంటు తేరు. అందులో ఒక పేజీ ఫొటో తెస్తారు. భయపెట్టిన పేజీ అదొక్కటే కాబట్టి దాన్నే ఫొటో తీసుకుంటారు. అందుకే ముందు ఆ ఫొటో గురించే చెప్పాలి.

ఇతను పంపిన ఫొటో ట్యూబులైటు కింద తీసింది. కుడి వైపు అంచు వంగిపోయి ప్రతి లైనులో చివరి మాట సగమే కనిపిస్తోంది. ఎడమ వైపు బొటనవేలు నీడ పడి రెండు క్లాజుల నంబర్లు మాయమయ్యాయి. అన్నిటికన్నా నన్ను ఆపింది కింది లైను. ఎనిమిదో క్లాజు అక్కడ "అండ్ షల్ ఆల్సో" అన్న మాటల దగ్గర ఆగిపోయింది. అంటే వాక్యం పూర్తి కాలేదు, మిగతాది నాలుగో పేజీలో ఉంది. పైన ఆరో క్లాజులో "క్లాజ్ 2లో చెప్పిన తేదీ" అని ఉంది. ఆ తేదీ ఏదో తెలియాలంటే మొదటి పేజీ కావాలి.

"అన్ని పేజీలు, స్టాంపు పేపరు వెనక వైపుతో సహా, నాలుగు మూలలూ కనబడేలా తీసి పంపు. టేబుల్ మీద పెట్టి పైనుంచి తియ్యి" అన్నాను. ఇది చాదస్తం కాదు. పెనాల్టీ రాసిన వాక్యానికి మినహాయింపు ఉంటే అది చాలాసార్లు ఆ వాక్యం చివర్లోనో తర్వాతి పేజీలోనో ఉంటుంది. ఇంకో భారం ఉన్నా అక్కడే ఉంటుంది. ఇతని విషయంలో రెండోదే జరిగింది. నాలుగో పేజీ మొదటి లైను చూస్తే, "మిగిలిన లాక్-ఇన్ కాలానికి కిరాయి కూడా చెల్లించవలెను" అని ఉంది. లాక్-ఇన్ అంటే మధ్యలో ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస కాలం.

అన్ని పేజీలూ వచ్చాక ఫోన్‌లోనే ఫొటో మీద గీతలు గీయమన్నాను. చేయాల్సిన పని చెప్పిన మాటల కింద ఆకుపచ్చ గీత, చేయకపోతే ఏమవుతుందో చెప్పిన మాటల కింద ఎర్ర గీత. ఇంగ్లీషు అగ్రిమెంటులో ఇది పట్టుకోవడానికి ఒక గుర్తుంది. "షల్" అని ఉంటే అది బాధ్యత. "మే" అని ఉంటే ఆ మనిషికి ఇచ్చిన హక్కు, చేయొచ్చు, మానొచ్చు. "ఫెయిలింగ్ విచ్", "ఇన్ డిఫాల్ట్", "ఫర్ఫీటెడ్" అన్న మాటలు వస్తే అక్కడి నుంచి పెనాల్టీ మొదలైందన్నమాట. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసి ఉండటం వల్లే చదివేవాళ్లకు టెన్షన్ పుడుతుంది. విడదీస్తే మూడు, నాలుగు పేజీల్లో కలిపి బాధ్యతలు ఐదే. ఐదో తేదీలోగా కిరాయి కట్టాలి. ఆరు నెలలు ఉండాలి. పోయేముందు నెల రోజుల నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇల్లు తీసుకున్న స్థితిలో అప్పగించాలి. గడువు అయ్యాక తాళాలు ఇచ్చేయాలి.

వీటిలో ఏదీ అన్యాయం కాదు. ఈ మాట అతనికి గట్టిగానే చెప్పాను. ఆరు నెలల లాక్-ఇన్ ఎందుకు పెట్టారంటే మన ఊళ్లో దానికి కారణం ఉంది. కాలేజీలు, కోచింగులు మొదలయ్యే జూన్, జూలైలో పోర్షన్లకు గిరాకీ ఉంటుంది. అక్టోబరులో ఖాళీ అయిన గది ఎన్నాళ్లు అలా పడి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఓనర్ రిటైర్డ్ టీచరు, ఆ కిరాయి మీద ఆయన లెక్కలు ఆయనకున్నాయి. మాట ఇచ్చి మధ్యలో పోతున్నది మన అబ్బాయే. ఒప్పందం తప్పింది అతనే. కాబట్టి ఓనర్ ఏదీ అడగకూడదని వాదించే వీలు లేదు. ఎంత అడగొచ్చు అన్నదే ప్రశ్న.

ఆయన వేసిన లెక్క ఇది. ఎనిమిదో క్లాజు ప్రకారం అడ్వాన్సు 27,000 జప్తు. అదే క్లాజు రెండో సగం ప్రకారం లాక్-ఇన్‌లో మిగిలిన నవంబరు నెల కిరాయి 9,000. రాతపూర్వక నోటీసు ఇవ్వలేదు కాబట్టి తొమ్మిదో క్లాజు ప్రకారం ఇంకో నెల కిరాయి 9,000. పదో క్లాజు ప్రకారం పెయింటింగుకు ఒక నెల కిరాయి, 9,000. ఆగస్టులో కిరాయి 16వ తేదీన కట్టాడు కాబట్టి రోజుకు 200 చొప్పున పదకొండు రోజులకు 2,200. మొత్తం 56,200. చేతిలో ఉన్న 27,000 పోగా ఇంకా 29,200 కట్టాలి.

ఇందులో ఆయన సొంతంగా కల్పించింది ఒక్క రూపాయి లేదు. ప్రతి అంకె వెనకా ఒక క్లాజు ఉంది, ప్రతి పేజీ కింద మన అబ్బాయి సంతకం ఉంది. "సంతకం పెట్టినంక ఇంకేముంది కాకా" అని అతను అన్నది అందుకే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

సంతకం పెట్టిన పెనాల్టీ అంకె అంతా కట్టి తీరాల్సిందేనని మన కాంట్రాక్టు చట్టం అనదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ సరిగ్గా దీని గురించే. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే ఒక మొత్తం రాసుకుంటే, తప్పినవాడి నుంచి అవతలివాళ్లకు న్యాయమైన పరిహారం వస్తుంది. ఆ పరిహారం రాసుకున్న మొత్తాన్ని మించకూడదు. అంటే అగ్రిమెంటులో ఉన్న అంకె పైకప్పు లాంటిది. అడిగేది దాని పైకి పోకూడదు. దాని కింద ఎక్కడ ఆగాలన్నది జరిగిన నష్టాన్ని బట్టి తేలుతుంది.

దీన్ని సుప్రీంకోర్టు 2015లో కైలాశ్ నాథ్ అసోసియేట్స్ కేసులో వివరంగా చెప్పింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో ఒక ప్లాటుకు ఆ సంస్థ 78 లక్షలు ముందుగా కట్టింది. తర్వాత వివాదం వచ్చి అథారిటీ ఆ డబ్బు జప్తు చేసుకుంది. అదే ప్లాటును మళ్లీ వేలం వేస్తే 11.78 కోట్లు వచ్చాయి, మొదటి ధర 3.12 కోట్లే. నష్టం అసలు లేనప్పుడు పరిహారం పేరుతో జప్తు ఏమిటని కోర్టు అడిగి, ఆ 78 లక్షలు వడ్డీతో వెనక్కి ఇప్పించింది. అదే తీర్పులో ఓనర్లకు పనికొచ్చే మాట కూడా ఉంది. నష్టాన్ని రుజువు చేయడం కష్టమైనప్పుడు, రాసుకున్న మొత్తం ముందుగా నిజాయితీగా వేసిన అంచనా అయితే, ఆ మొత్తాన్ని ఇప్పించవచ్చు. అందుకని పెనాల్టీ అన్న మాట కనబడగానే అది చెల్లదని కొట్టిపారేయడం కూడా తప్పే.

ఇప్పుడు ఆ లెక్కను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట ఖాళీ గది నష్టం. మన అబ్బాయి ముందే పోవడం వల్ల ఓనర్‌కు జరిగే నష్టం ఏమిటి? గది ఖాళీగా ఉండటం. ఆ ఒక్క నష్టానికి అగ్రిమెంటులో మూడు చోట్ల డబ్బు రాసి ఉంది. అడ్వాన్సు జప్తు అందుకే. మిగిలిన లాక్-ఇన్ కిరాయి అందుకే. నోటీసు బదులు నెల కిరాయి కూడా అందుకే, ఎందుకంటే నోటీసు పనే కొత్త మనిషిని వెతుక్కునే సమయం ఇవ్వడం. తేదీలు పెట్టి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లాక్-ఇన్ నవంబరు 30తో అయిపోతుంది. అక్టోబరు 13న రాతపూర్వకంగా నోటీసు ఇస్తే నెల రోజులు నవంబరు 12తో అయిపోతాయి. అంటే నోటీసు కాలం మొత్తం లాక్-ఇన్ లోపలే ఉంది. నవంబరు కిరాయి కట్టిన మనిషి నోటీసు కాలానికి కూడా కట్టినట్టే. మళ్లీ విడిగా 9,000 అడిగితే అవే రోజులకు రెండుసార్లు కిరాయి తీసుకున్నట్టు. దాని మీద 27,000 జప్తు కూడా చేస్తే, నెల రోజులు ఖాళీగా ఉండే గదికి ఐదు నెలల కిరాయి రాబట్టినట్టు.

కాబట్టి ఈ మూడింటినీ కలిపి చూస్తే న్యాయంగా నిలబడేది నవంబరు నెల 9,000. అది కూడా గది నెలంతా ఖాళీగా ఉంటేనే. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద ఇచ్చిన వివరణ ప్రకారం నష్టం లెక్కకట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే మార్గాలు ఏమున్నాయో కూడా చూడాలి. గేటుకు టు-లెట్ బోర్డు కట్టకుండా కూర్చుని నెల కిరాయి పోయిందంటే కుదరదు. మధ్యలో కొత్తవాళ్లు వస్తే ఆ రోజు నుంచి నష్టం ఆగిపోయినట్టే. రోజుకు 300 చొప్పున మిగిలిన రోజులది వెనక్కి రావాలి.

ఒకటి మాత్రం మన అబ్బాయి వెంటనే సరిదిద్దుకోవాల్సి వచ్చింది. అతను ఫోన్‌లో చెప్పాడు, క్లాజులో "ఇన్ రైటింగ్" అని ఉంది. ఫోన్‌లో చెప్పిన తేదీని రేపు ఓనర్ కాదనొచ్చు. అందుకే మర్నాడు పొద్దున్నే ఒక కాగితం రాయించాను. ఒకటి చేతికి ఇచ్చి రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోమన్నాను. అదే ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పంపాడు. అందులో ఉన్నది ఇంతే: "సార్, 12వ తేదీన ఫోన్‌లో చెప్పినట్టు, ఉద్యోగం రీత్యా అక్టోబరు 31న పోర్షన్ ఖాళీ చేస్తున్నాను. దీన్ని అగ్రిమెంటు క్లాజ్ 9 ప్రకారం నోటీసుగా తీసుకోగలరు. లాక్-ఇన్ మిగిలిన నవంబరు కిరాయికి నేను బాధ్యత వహిస్తాను. ఆలోపు కొత్తవాళ్లు వస్తే ఆ రోజు నుంచి కిరాయి తగ్గించగలరు. తాళాలు ఇచ్చే రోజు ఇద్దరం కలిసి ఇల్లు చూసి మిగతా లెక్క చేసుకుందాం."

ఇందులో సెక్షన్ల పేర్లు లేవు, కావాలనే పెట్టలేదు. పెద్దాయనకు మొదటి కాగితమే లాయరు నోటీసులా కనిపిస్తే మాట్లాడే దారి మూసుకుపోతుంది.

తర్వాత ఆలస్య రుసుము. రోజుకు 200 అంటే పైకి చిన్నగా కనబడుతుంది. దాన్ని కిరాయితో పోల్చి చూడాలి. 9,000 మీద రోజుకు 200 అంటే వందకు రోజుకు రెండు రూపాయల పైన వడ్డీ. నెలకు 66 రూపాయల దాకా పోతుంది. నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటేనే మన దగ్గర అమ్మో అంటారు. అదే 9,000కు ఏడాదికి 18 శాతం వడ్డీ వేస్తే పదకొండు రోజులకు వచ్చేది 49 రూపాయలు. ఆయన అడుగుతున్నది 2,200. కట్టడం ఆలస్యమైన రోజు నుంచి పెంచిన వడ్డీ కూడా పెనాల్టీ కిందికి రావచ్చని 74వ సెక్షన్‌లోనే వివరణ ఉంది. పైగా ఆగస్టు కిరాయి ఆయన అప్పుడే తీసుకున్నారు. సెప్టెంబరులో గానీ అక్టోబరులో గానీ ఫైను ఊసెత్తలేదు. అంతమాత్రాన హక్కు పోయిందని నేననను, అగ్రిమెంటులో అలాంటి మౌనం హక్కు వదులుకోవడం కాదని రాసుకునే క్లాజు కూడా తరచుగా ఉంటుంది. కానీ ఆ పదకొండు రోజుల వల్ల ఆయనకు పెద్ద నష్టం రాలేదనడానికి ఆ మౌనం ఉపయోగపడుతుంది.

ఇక పెయింటింగు. ఇక్కడే గొడవలు ఎక్కువ, ఇక్కడే మనవాళ్లకు తెలియనిదీ ఎక్కువ. పదో క్లాజులో "ఇల్లు ఏ స్థితిలో ఉన్నా" ఒక నెల కిరాయి పెయింటింగు కింద మినహాయిస్తామని ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం కిరాయిదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు అతను బాధ్యుడు కాదు. ఈ సెక్షన్ ఒప్పందం వేరే చెప్పనప్పుడు వర్తించేది. మన అగ్రిమెంటులో వేరే చెప్పింది కదా అని ఓనర్ అనొచ్చు. అప్పుడు మళ్లీ పాత ప్రశ్నకే వస్తాం. ఐదు నెలలు ఒక్క మనిషి ఉన్న పోర్షన్‌కు 9,000 నిజమైన నష్టమా, లేక ఎవరు ఎలా వాడినా వసూలు చేసే అంకెనా? ఏ స్థితిలో ఉన్నా అన్న మాటే దీనికి జవాబు చెప్తోంది. స్థితితో పని లేకుండా తీసుకునేది నష్టానికి పరిహారం ఎలా అవుతుంది? పెయింటింగు ఖర్చు ఓనర్‌కు కావాలంటే దాన్ని మొదట్లోనే కిరాయిలో కలిపి చెప్పడం నిజాయితీ అని నా అభిప్రాయం.

అక్టోబరు 31న నేనూ వెళ్లాను. ఖాళీ గదిలో ముగ్గురం నిలబడి గోడలు చూశాం. మంచం తల వైపు గోడ మీద అరచేయంత నూనె మరక ఉంది. దిండు ఆనించి కూర్చుంటే తలనూనె అంటుకుని వచ్చేది. ఎవరు ఉన్నా వస్తుంది, అది మామూలు వాడకం. దాని పక్క గోడ మీద నాలుగు చోట్ల పెయింటు పొరతో సహా పెచ్చుగా ఊడి లోపలి లప్పం తెల్లగా కనిపిస్తోంది. అతను రెండు వైపులా అంటుకునే టేపుతో పోస్టర్లు అతికించి, పోయేముందు లాగేశాడు. అది వాడకం కాదు, పాడుచేయడం. బాత్రూములో సబ్బు స్టాండు కోసం డ్రిల్లు చేసిన చోట ఒక టైలు అడ్డంగా పగిలింది. అదీ అతని ఖాతాలోనే. ఓనర్ చూపించిన కిటికీ మెష్ చిరుగు మాత్రం జూన్‌లోనే ఉంది. చేరిన రోజు మన అబ్బాయి వాళ్లమ్మకు ఇల్లు చూపించడానికి తీసిన వీడియోలో ఆ చిరుగు కనిపించింది, వీడియో తేదీతో సహా. ఆ వీడియో లేకపోతే అదీ ఇతని మీదే పడేది. అగ్రిమెంటు చివరి పేజీలో ఫిట్టింగుల జాబితా రాయాల్సిన చోట ఖాళీగానే వదిలేశారు. చేరిన రోజే ఫ్యాన్లు, లైట్లు, కుళాయిలు, గోడలు, మెష్‌లు ఎలా ఉన్నాయో అక్కడ రాసి ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే ఆ అరగంట వాదన ఉండేదే కాదు.

గోడకు, టైలుకు ఎంత అవుతుందో మేస్త్రీని పిలిచి అడిగాం. ఒక గోడ లప్పం పెట్టి పెయింటు వేయడానికి 1,500, టైలుకు 1,200 అన్నాడు. అంకె మూడో మనిషి నోటి నుంచి రావడం వల్ల ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

నాలుగో పేజీలో మిగిలిన రెండు మాటలు మన అబ్బాయికి వర్తించలేదు గానీ, అతన్ని ఎక్కువ భయపెట్టినవి అవే. గడువు దాటి ఉంటే రోజుకు 1,000 అని పదకొండో క్లాజు. కిరాయి బాకీ పడితే కరెంటు, నీళ్లు ఆపి, గదికి తాళం వేసి సామాను తీసేసే హక్కు ఓనర్‌కు ఉందని పన్నెండో క్లాజు.

రోజుకు 300 పడే గదికి 1,000 అంటే మూడింతల పైనే. అది కూడా 74వ సెక్షన్ కిందికి వచ్చే అంకే. కానీ గడువు తర్వాత కూడా కదలకుండా కూర్చున్న మనిషి మీద కోర్టుకు పెద్దగా జాలి ఉండదు. అందుకే ఆ క్లాజు దగ్గరికి అసలు పోకుండా చూసుకోవాలి. దానికి చేయాల్సింది తాళాలు ఇచ్చిన సంగతికి రుజువు ఉంచుకోవడం. లెక్క తేలలేదు కదా అని తాళాలు దగ్గర పెట్టుకుని పోయిన పిల్లలను చూశాను. వాళ్ల దృష్టిలో అది అడ్వాన్సుకు హామీ. చట్టం దృష్టిలో ఇల్లు ఇంకా అప్పగించలేదన్నమాట, రోజులు లెక్కలో పడుతూనే ఉంటాయి. అడ్వాన్సు గొడవ వేరు, తాళాల అప్పగింత వేరు.

పన్నెండో క్లాజు మీద సంతకం పెట్టినా సరే, కిరాయిదారు లోపల ఉండగా బలవంతంగా బయటికి పంపే హక్కు దాంతో రాదు. ఖాళీ చేయించాలంటే కోర్టు దారిలోనే రావాలి. అలా కాకుండా గెంటేస్తే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న వాదన అడ్డు రాదు.

ఇంటర్నెట్‌లో చూసి మన అబ్బాయి అన్న ఒక మాటను కూడా సరిదిద్దాలి. అడ్వాన్సు రెండు నెలలకు మించి తీసుకోవడం నేరమట కదా అన్నాడు. రెండు నెలల పరిమితి ఉన్నది కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టంలో. అది రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చినది. రాష్ట్రం చట్టంగా చేసుకున్న చోటే అది వర్తిస్తుంది. దాన్ని పట్టుకుని ఓనర్‌తో వాదనకు దిగితే మిగతా మంచి వాదనలు కూడా పలచబడతాయి. పదకొండు నెలలే కాబట్టి అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది ఇంకో అపోహ. ఏడాది దాటిన లీజులకే అది తప్పనిసరి అన్నది కేంద్ర చట్టం మాట, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ వల్ల మన దగ్గర అన్ని లీజులకూ తప్పనిసరే. ఆ అపోహతోనే అందరూ పదకొండు నెలలు రాసుకుంటారు.

చట్టం ఇంత స్పష్టంగా మన వైపు ఉన్నా ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అడ్వాన్సు ఓనర్ చేతిలో ఉంది. ఆయన ఇవ్వనంటే కోర్టుకు పోవాల్సింది కిరాయిదారే. 15,000 కోసం దావా వేస్తే ఫీజులు, వాయిదాలు, హైదరాబాదు నుంచి రానూపోనూ ఖర్చు కలిపి ఆ డబ్బును మింగేస్తాయి. ఓనర్ పరిస్థితీ అంతే. పైన అడిగిన 29,200 కావాలంటే ఆయనా దావా వేయాలి. అప్పుడు స్టాంపు డ్యూటీ సరిగా కట్టని అగ్రిమెంటు అయితే, ముందు ఆ తక్కువ పడిన డ్యూటీ, దాని మీద జరిమానా కట్టనిదే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు. ఆ జరిమానా పది రెట్ల దాకా ఉండొచ్చు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసినంత మాత్రాన డ్యూటీ సరిపోయిందని కాదు. ఈ సంగతి తెలిసిన ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడానికే మొగ్గుతారు. మాటలతో కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్ దారిలో రాజీ ప్రయత్నం చేస్తారు. ఫోన్‌లో అడగడానికి 15100 నంబరు ఉంది. ఆడపిల్లలకైతే ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

మా విషయంలో అంత దూరం పోలేదు. గోడలు చూడటం అయ్యాక ఓనర్ కింద వరండాలో కుర్చీలు వేయించారు. నేను సెక్షన్లు చెప్పలేదు. "సార్, గది ఖాళీగా ఉండేది నవంబరు ఒక్క నెల. దానికి మూడు పేర్లతో ఐదు నెలల కిరాయి వస్తోంది మీ లెక్కలో" అని కాగితం మీద తేదీలు వేసి చూపించాను. ఆయన లెక్కల మాస్టారు. కాసేపు కాగితం చూసి, "అగ్రిమెంటు నేను రాసింది కాదు, జిరాక్స్ షాపులో ఉన్న ఫార్మాట్ అది" అన్నారు. నేను చూసిన అగ్రిమెంట్లలో చాలావాటి కథ ఇదే. ఎవరి గొడవ కోసమో ఎప్పుడో రాసిన క్లాజులు, పేర్లు మార్చుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతుంటాయి.

చివరికి తేలిన లెక్క: నవంబరు కిరాయి 9,000, గోడకు 1,500, టైలుకు 1,200, అక్టోబరు కరెంటు బిల్లు 860, ఆగస్టు ఆలస్యానికి ఆయన మాట పోకుండా 200. మొత్తం 12,760. అడ్వాన్సులో అది పోగా 14,240 అక్కడికక్కడే మన అబ్బాయి ఖాతాలో పడింది. తాళాలు రెండు జతలు అందాయని, నవంబరు 30 లోపు కొత్తవాళ్లు చేరితే ఆ రోజు నుంచి రోజుకు 300 చొప్పున తిరిగి ఇస్తానని, అది తప్ప ఇద్దరి మధ్య వేరే లెక్క లేదని ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు.

నవంబరు 20న ఆ పోర్షన్‌లో కొత్త కుటుంబం దిగింది. ఆ సాయంత్రం మాస్టారే ఫోన్ చేసి చెప్పి, పదకొండు రోజులకు 3,300 పంపించారు.